మునిగారికి మాట అందించిన వాక్యం

ఆయన్ని ఆఫీసులో అందరూ మునిగారు అనేవారు. గడ్డం లేదు, జపం లేదు, కోపమొస్తే శపించే అలవాటు అసలే లేదు. నోరు విప్పరన్నదొక్కటే ఆ బిరుదుకు కారణం. ఎవరైనా పలకరిస్తే నవ్వేవారు. పని చెబితే తల ఊపేవారు. అర్థం కాకపోతే కాగితం మీద బొమ్మ గీసి, పెన్సిలు కొసతో దాని పక్కన ప్రశ్నార్థకం పెట్టి చూపించేవారు.

నిజానికి ఆయనకు చెప్పాల్సిన మాటలు చాలానే ఉండేవి. చిన్నప్పటినుంచీ నత్తి. అదైనా అన్ని మాటల దగ్గరా రాదు. మాట మొదలుపెట్టే చోటే వస్తుంది, అందులోనూ సొంత పేరు చెప్పాల్సిన చోట మరీ. ఒకసారి మాట నడక అందుకుంటే ఇక ఫరవాలేదు, గులకరాళ్ళున్నా పారే కాలవలాగా అక్కడక్కడ తగులుకుంటూ సాగిపోయేది. ఆ మొదటి అడుగే పడేది కాదు. పెదవులు కలుసుకుని విడిపోయేవి కావు. ఎదుటివాళ్ళ కళ్ళు ముందు ఆశ్చర్యంగా, తరవాత జాలిగా, ఆ తరవాత గోడ మీద గడియారం వైపుగా తిరిగేవి.

బళ్ళో హాజరు పిలిచేటప్పుడు ఆయన చెయ్యెత్తేవారు. మాస్టారికి అలవాటే. ఆ మాస్టారు సెలవు పెట్టిన రోజున వేరొకాయన వచ్చి, తల వంచుకుని పేర్లు చదువుకుంటూ పోయి, జవాబు వినబడలేదని గైరుహాజరు వేశారు. మొదటి బెంచీలో కూర్చుని ఉన్న పిల్లవాడు ఆ రోజంతా లెక్క ప్రకారం బళ్ళో లేడు. సాయంత్రం ఇంటికెళ్ళి చెప్పుకుందామన్నా, చెప్పడానికీ ఆ నోరే కావాలి కదా.

అలా పెరిగినవాడు కరెంటు పని నేర్చుకోవడంలో వింతేమీ లేదు. వైరు పేరు అడగదు. స్విచ్చు వేస్తే దీపం వెలిగిందా లేదా, అంతే. డిప్లొమా చేశారు, తరవాత ఉద్యోగం చేస్తూనే ఇంజనీరింగు పూర్తిచేశారు. దీపాల విషయంలో ఆయనకు అభిమానం కుదిరింది. ఏ గదిలో ఏ వెలుతురు ఎక్కడ పడాలి, ఎవరి కంట్లో పడకూడదు అన్నది ఆలోచిస్తూ కూర్చుంటే ఆయనకు ఆకలి తెలిసేది కాదు. భవనాల నమూనాలు గీసే ఒక చిన్న కంపెనీలో చేరి, అక్కడే నిలిచిపోయారు. ఇంట్లో ఫోను మోగితే భార్య ఎత్తేది. కొత్తవాళ్ళొస్తే పరిచయాలు ఆవిడే చేసేది. ఆయన మాట తడబడగానే ఆ మాటను తాను పూర్తిచేసి అందించేది. ప్రేమతోనే చేసేది. కానీ ఒక్కోసారి ఆయన చెప్పదలుచుకున్నది అది కాదు. "కాఫీ" అనబోతే "కాసిని నీళ్ళా?" అని నీళ్ళు తెచ్చిపెట్టేది. ఆయన నీళ్ళు తాగి ఊరుకునేవారు.

లోకంలో నత్తి ఉన్నవాడి మాట పూర్తిచేసేవాళ్ళకు కొదవలేదు. ఆ మాటకు దారి వేసేవాళ్ళే తక్కువ.

ఆ కంపెనీలో పెద్దసారు అని ఆర్కిటెక్టు, కంపెనీ ఆయనదే. గొంతు నగారా, మనసు వెన్న. ఆయన దగ్గర డ్రాయింగులు గీసే ఆర్కిటెక్టు అమ్మాయి ఒకతె, చురుకైన పిల్ల, మాట వడగళ్ళ వాన. ఇక అంచనాలు వేసి, పని ఏ వరసలో ఎన్ని విడతల్లో జరగాలో చూసే ఆవిడ మరొకరు. వయసులో మునిగారికంటే కాస్త పెద్దది. ఆఫీసంతా అక్క అనేది. పెద్దసారు కూడా అక్కే అనేవారు, ఆయన ఆవిడకంటే పదేళ్ళు పెద్దయినా సరే.

కొత్త పని కావాలంటే కట్టించేవాళ్ళ ముందుకు వెళ్ళి, స్లైడ్లు చూపించి, తమ ఆలోచన వివరించాలి. చాలాకాలం ఆ పని పెద్దసారు ఒక్కరే చేసేవారు. రోజులు మారాయి. పని చేసేవాళ్ళందరినీ కళ్ళారా చూడాలి, వాళ్ళ నోటే వినాలి అని అడగడం మొదలుపెట్టారు. అలా ఒక గ్రంథాలయం పనికి నలుగురూ కలిసి వెళ్ళారు.

ఆ రోజు జరిగింది తలుచుకుంటే మునిగారికి చాలాకాలం చెమటలు పట్టేవి. పెద్దసారు తన భాగం చెప్పీ చెప్పీ, ఎక్కడ ఆపాలో తెలియక, "సరే మరి... అంతే... ఇక తరవాత ఎవరమ్మా, నువ్వేనా?" అన్నారు. ఆ అమ్మాయి గబగబా లేచి, స్లైడ్లు మార్చే క్లిక్కరు ఎవరి దగ్గరుందో వెతుక్కుని, "హలో, నేను..." అని మళ్ళీ మొదటినుంచీ పరిచయం చేసుకుంది. తన భాగం అయ్యాక, "నాది అయిపోయిందండీ," అని చప్పున వచ్చి కూర్చుంది. ఏది అయిపోయింది, తరవాత ఎవరు అన్నది ఎవరికీ తెలియలేదు. హాలంతా మౌనం. ఆ మౌనంలో మునిగారు కుర్చీ వెనక్కి జరిపారు. ఆ చప్పుడుకు అందరూ ఇటు తిరిగారు. వరసగా మోకాళ్ళు దాటుకుంటూ ముందుకు నడిచారు. స్లైడు ఇంకా పాతదే ఉంది. నిలబడి నోరు తెరిచారు. ముందు పేరు చెప్పాలి.

పేరు రాలేదు.

ఎంతసేపు రాలేదో ఆయనకు తెలియదు. బల్ల అవతల ఒకాయన ఫోను తీసి చూసుకున్నాడు. ఒకావిడ ఆయన ముఖం చూడలేక ఫైలు తిరగేసింది. చివరికి పెద్దసారు కూర్చున్న చోటునుంచే, "మా ఎలక్ట్రికల్ ఇంజనీరండీ, చాలా మంచివాడు," అన్నారు. ఆ మాటతో ఆయన పని ఇంకా చెడింది. మంచివాడు అనిపించుకోవడానికి రాలేదు కదా ఆయన, దీపాల గురించి చెప్పడానికి వచ్చారు. చెప్పాల్సిన దాంట్లో సగం మింగేసి వచ్చి కూర్చున్నారు. ఆ పని వాళ్ళకు రాలేదు.

కొన్నాళ్ళకు పిల్లల ఆసుపత్రి పని ఒకటి వచ్చింది. పాత వార్డుల్ని బాగుచేసి, కొత్త రూపం ఇవ్వాలి. వార్డు మూయకుండా, పిల్లలు మంచాల మీద ఉండగానే పక్కపక్కన పని జరగాలి. చిన్న కంపెనీకి పెద్ద అవకాశం. పెద్దసారు నలుగురినీ కూర్చోబెట్టి, గొంతు వీలైనంత తగ్గించి అన్నారు.

"ఏమయ్యా మునీ, నీ భాగం మన అమ్మాయి చెబుతుందిలే. నువ్వు పక్కన ఉండు, చాలు. నిన్ను ఇబ్బంది పెట్టడం నాకిష్టం లేదు."

మునిగారికి ప్రాణం లేచొచ్చింది. వెంటనే తల ఊపారు. ఊపిన మరుక్షణం, ఎందుకో తెలియదు గానీ, బళ్ళో గైరుహాజరు పడిన రోజులాగా అనిపించింది.

మీటింగు అయ్యాక అక్క టీ గ్లాసు పట్టుకుని ఆయన బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది.

"తమ్ముడూ, ఒకటడుగుతాను. జవాబు చెప్పాలని లేకపోతే మానెయ్. మాట్లాడటంలో నీకు అన్నిటికంటే కష్టం ఏది?"

అంతవరకూ ఆయన్ని ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. అందరూ నత్తి ఎందుకొచ్చింది అన్నారు. తగ్గడానికి ఏం చెయ్యాలో చెప్పారు. నెమ్మదిగా మాట్లాడు, ఊపిరి పీల్చు, భయపడకు అన్నారు. ఏది కష్టం అని మాత్రం ఎవరూ అడగలేదు. ఆయన ఆలోచించారు. ఆవిడ టీ తాగుతూ కూర్చుంది. మధ్యలో మాట అందించలేదు.

"మ్... మొదలు," అన్నారు చివరికి. "ప్... పేరు. ఆ నడిచివెళ్ళేటప్పుడు నిశ్శబ్దం. తరవాత... తరవాత ఫరవాలేదక్కా. దీపాల సంగతి వచ్చాక ఫరవాలేదు."

"అంటే నీకు అడ్డం పడేది నీ భాగం కాదన్నమాట. మా ముగ్గురి భాగాలకీ నీ భాగానికీ మధ్యనున్న ఖాళీ." అక్క గ్లాసు కింద పెట్టింది. "ఆ ఖాళీ మేం చేసిందేగా. మొన్న మాత్రం నీ ఒక్కడికే తగిలిందా ఏంటి? ఆ పిల్ల క్లిక్కరు కోసం వెతుక్కోలేదూ? సారుకి ఎవరి తరవాత ఎవరో గుర్తులేదు. నేను లేచేసరికి నా స్లైడు రాలేదు. నీకు గొంతు పట్టుకుంది, మాకు పరువు పోయింది. తేడా అంతే."

మునిగారు నవ్వారు.

"ముందు ఆ ఖాళీ పూడుద్దాం," అంది అక్క. "అది పూడ్చాక కూడా నువ్వు వద్దంటే, సారు చెప్పినట్టే కానిద్దాం."

అక్క చదువుకునే రోజుల్లో స్థానిక రేడియోలో ప్రకటనలు చదివేది. ఒక కార్యక్రమం అయిపోయి మరొకటి మొదలయ్యే లోపల గాలిలో ఖాళీ పడకూడదు, వినేవాళ్ళు రేడియో పాడైందనుకుని దాని నెత్తిన కొడతారు అని వాళ్ళ పెద్దలు నేర్పారట. ఆ కొద్ది వాక్యాల పని ఆవిడకు అప్పుడే అబ్బింది. ఇన్నాళ్ళూ సిమెంటు బస్తాల లెక్కల మధ్య దాని అవసరం పడలేదు.

మర్నాడు ఆవిడ ముగ్గురినీ మీటింగు గదిలోకి లాక్కొచ్చింది. ఎవరి భాగం వాళ్ళకు వచ్చు, అది ముట్టుకోవద్దు, ఒకరి చివరి వాక్యం మరొకరి మొదటి వాక్యం మాత్రమే చూద్దాం అంది. అతుకులు గట్టిపడితే గుడ్డ దానంతటదే నిలుస్తుందని ఆవిడ లెక్క.

"సార్, మీతో మొదలు. మీరు మొట్టమొదటే నలుగురి పేర్లూ, ఎవరు దేని గురించి చెబుతారో చెప్పేయండి. ఆ తరవాత ఎవరూ లేచి నేను ఫలానా అని చెప్పుకోనక్కర్లేదు."

మునిగారు చటుక్కున తలెత్తి చూశారు. ఇంత చిన్న సంగతా? ఇన్నేళ్ళు మోసిన బండరాయిని ఎవరో వచ్చి, ఇది ఇక్కడ అవసరం లేదుగా అని పక్కకు జరిపినట్టుంది.

"ఇక మీ భాగం ముగిసిందని వాళ్ళకు తెలియాలి. 'అంతే' అనొద్దు. మీరు చెప్పిందంతా ఒక ముక్కలో చెప్పండి. ఆ ముక్కలోంచి ఒక ప్రశ్న లేవనెత్తండి. ఆ ప్రశ్నకు జవాబు ఎవరి దగ్గరుందో వాళ్ళ పేరు చెప్పి, వాళ్ళవైపు తిరగండి. పేరు చివర్లో రావాలి. ముందే చెప్పేస్తే వాళ్ళు లేచి నిలబడతారు, మీరింకా మాట్లాడుతుంటారు, ఇద్దరూ స్తంభాల్లా ఉంటారు."

పెద్దసారు గొంతు సవరించుకున్నారు. "ఈ వార్డు పిల్లల్ని భయపెట్టకూడదు, అదీ మా ఆలోచన. మరి మంచంలో పడుకున్న పిల్లకి ఈ వార్డు ఎలా కనిపిస్తుంది? మంచం ఎత్తునుంచి గీసి చూసింది..." అని ఆ అమ్మాయి పేరు చెప్పి చెయ్యి చాచారు.

"బాగుంది సార్. చెయ్యి చాచాక మళ్ళీ మాట్లాడకండి."

"మాట్లాడలేదుగా."

"'ఆ, రామ్మా రామ్మా, భయపడకు' అన్నారు."

"అది అలవాటమ్మా."

"మానేయండి."

ఆ అమ్మాయి పకపకా నవ్వింది. తరవాత తన వంతు వచ్చేసరికి తనకూ కష్టంగానే ఉంది. మునిగారికి మాట అందించాల్సింది ఆ పిల్లే. అక్క రాసిచ్చిన వాక్యం ఇలా ఉంది: పగలు ఈ వార్డు ఇలా ఉంటుంది, మరి అర్ధరాత్రి మెలకువ వచ్చిన పాపకు ఏ వెలుతురు కనిపించాలి? మునిగారు అందుకోవాల్సిన మొదటి వాక్యం, "పక్క పిల్లల నిద్ర చెడని వెలుతురు." మునిగారు ప్రయత్నించారు. "ప్..." దగ్గరే ఆగిపోయారు. మళ్ళీ ఆగిపోయారు.

అక్క కాగితం ఆయన చేతికిచ్చింది. "నీ వాక్యం నేను రాయడమేంటి, నాకు బుద్ధిలేదు. నీకు ఎలా వస్తే అలా మార్చుకో. దానికి తగ్గట్టు ఈ పిల్ల తన వాక్యం మార్చుకుంటుంది. బళ్ళో సంధులు చదువుకోలేదూ? ముందు మాట చివర, వెనక మాట మొదలు, రెండూ కాస్త కాస్త సర్దుకుంటేనే కలుస్తాయి. ఒకటే సర్దుకుంటే అది సంధి కాదు, సంసారం."

పెద్దసారు అంత గట్టిగా నవ్వడం వాళ్ళెప్పుడూ వినలేదు.

మునిగారు పెన్సిలు తీసుకున్నారు. కాసేపు కొట్టివేసి, రాసి, చివరికి ఇలా పెట్టుకున్నారు: "ఆ వెలుతురు నేల దగ్గర ఉండాలి." దాంతో అమ్మాయి తన వాక్యం చివర 'వెలుతురు' అన్న మాట వచ్చేలా తిప్పుకుంది. "అర్ధరాత్రి మెలకువ వచ్చిన పాపకు అమ్మ ముఖం కనిపించాలి, పక్క మంచం పాప మాత్రం లేవకూడదు. ఎలా ఉండాలి ఆ వెలుతురు?" అని, ఆయన పేరు చెప్పి ఆయనవైపు తిరుగుతుంది. ఆ ప్రశ్న మొదలుపెట్టగానే మునిగారు లేచి, ఆమె మాటల చాటున నడిచి, పేరు వినబడేసరికి ఆమె పక్కన ఉంటారు. క్లిక్కరు ఆమె చేతిలోంచి ఆయన చేతిలోకి, స్లైడు ఆమే మార్చేసి ఇస్తుంది. నిశ్శబ్దంలో నడక లేదు. పేరు చెప్పుకోవడం లేదు. అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పడమే.

మొదటిసారి ఆ వాక్యం తడబడకుండా వచ్చినప్పుడు మునిగారు జవాబు చెప్పి, అక్కడే ఆగి, గది చుట్టూ చూశారు, ఇంకెవరో మాట్లాడినట్టు.

"ప్రతిసారీ ఇలాగే వస్తుందని కాదు," అంది అక్క. "రాకపోయినా కొంపేమీ మునగదు. నువ్వు నిలబడి ఉంటావు, నీ స్లైడు ఉంటుంది, అందరికీ ప్రశ్న తెలిసి ఉంటుంది. జవాబు కోసం ఎదురు చూస్తారు గానీ, నీకేమైందా అని చూడరు."

తన భాగం తనే చెబుతానని ఆయన పెద్దసారుకు చెప్పింది ఆ సాయంత్రమే. లిఫ్టు దగ్గర ఆపి, కష్టపడి, మూడు ముక్కల్లో చెప్పారు. పెద్దసారు భుజం తట్టి లిఫ్టు ఎక్కారు. తలుపులు మూసుకున్నాక లోపల్నుంచి ముక్కు చీదిన చప్పుడు వినబడింది.

ఆసుపత్రి సమావేశపు గది పొడుగ్గా, చల్లగా ఉంది. బల్ల అవతల ఆసుపత్రి డైరెక్టరు, హెడ్ నర్సు, ఖాతాలు చూసే అధికారి, ఇంకో ఇద్దరు. ముందు వచ్చిన బృందం ఎక్కువసేపు తీసుకుందట, కాస్త తొందరగా ముగించమని డైరెక్టరు మర్యాదగానే చెప్పారు. పెద్దసారు నలుగురినీ పరిచయం చేశారు, తన భాగం నిజంగానే కుదించారు, ప్రశ్న లేవనెత్తారు, చెయ్యి చాచారు, నోరు మూసుకున్నారు. అది ఆయన జీవితంలోనే ఒక రికార్డు. అమ్మాయి అప్పటికే లేచి ఉంది. ఆ పిల్ల మాట మొదలయ్యాక మునిగారు కుర్చీ అంచుకు జరిగారు. ఆమె ప్రశ్న వినబడింది. కాళ్ళు వాటంతటవే నడిచాయి. "...ఎలా ఉండాలి ఆ వెలుతురు?" ఆయన పేరు. క్లిక్కరు చేతిలో వెచ్చగా పడింది.

"ఆ వెలుతురు నేల దగ్గర ఉండాలి."

వచ్చింది. దాని వెంట రెండోది వచ్చింది. నేల అంచున చిన్న దీపాలు, పసుపుపచ్చ కాంతి, పడుకున్న పిల్ల కళ్ళకు ఎదురు పడనివి. నర్సు సూదిమందు చూసుకునేందుకు మంచం తల దగ్గర వేరే దీపం, దానికి తొడుగు, పక్క మంచం మీదికి పోకుండా. మధ్యలో రెండు మూడు చోట్ల మాట తగులుకుంది. తగులుకున్నా ఆగలేదు. హెడ్ నర్సు కాస్త ముందుకు వంగింది. ఆవిడ ముఖంలో జాలి లేదు. ఆసక్తి ఉంది. ఆ తేడా మునిగారికంటే బాగా ఎవరికి తెలుసు?

తన భాగం ముగించి, తాను అందించాల్సిన వాక్యానికి వచ్చారు. "ఇంత పని జరగాలి, ఒక్క మంచం కూడా ఖాళీ చేయకూడదు. ఏ వరసలో చేస్తే అది కుదురుతుంది?" అని, అక్క పేరు చెప్పి ఆవిడవైపు తిరిగారు.

అక్క లేవలేదు.

ఖాతాల అధికారి అంతకుముందే ఆవిడ ముందుకు ఒక కాగితం జరిపి, వేలితో ఏదో చూపించి, నెమ్మదిగా ఒక ప్రశ్న వేశాడు. అడిగినవాడు ఆసుపత్రి మనిషి, కాదనలేకపోయింది. ఆవిడ తల వంచి దానిలో మునిగిపోయింది. తన పేరు ఆవిడకు వినబడలేదు. అందరి అతుకులూ కుట్టిన మనిషి సొంత అతుకు దగ్గరే తప్పిపోయింది.

నిశ్శబ్దం. మునిగారికి బాగా తెలిసిన నిశ్శబ్దం. కుడిపక్కన ఆర్కిటెక్టు అమ్మాయి ఏదో అనడానికి నోరు తెరిచింది. ఆయన చెయ్యి కొద్దిగా ఎత్తి ఆపారు. ఎందుకు ఆపారో తరవాత ఎంత ఆలోచించినా ఆయనకు తెలియలేదు. ఆ ఖాళీలో నిలబడింది తను కాదు, అక్క. ఇంకాసేపు అలాగే ఉంటే అందరి కళ్ళూ ఆవిడమీద పడతాయి, ఆవిడ తలెత్తేసరికి సిగ్గుపడుతుంది. అదొక్కటే ఆ క్షణాన ఆయనకు తోచింది.

"వ్... వార్డులో ప్... ప్... పిల్లలు ఉండగానే," అన్నారు. సాధన చేసిన వాక్యం కాదది. 'ప' దగ్గర ఎప్పటిలాగే పెదవులు అతుక్కున్నాయి, విడిపోయాయి. ఆయన తొందరపడలేదు. "పిల్లలు ఉండగానే, దుమ్ము వాళ్ళ దాకా రాకుండా, ఏ మూల ముందు, ఏ మూల తరవాత అన్నది... విడదీసి, వార్డులో తిరిగి, న్... నర్సుల్ని అడిగి చూసుకుంది మా అక్క."

అక్క అన్న మాట తనకు తెలియకుండానే వచ్చేసింది. బల్ల అవతల ఒకరు నవ్వారు, తరవాత అందరూ నవ్వారు. ఆ నవ్వులో ఎగతాళి ఏమీ లేదు. అక్క తలెత్తింది. ఒక్క చూపులో జరిగిందంతా అర్థమైపోయినట్టుంది. కాగితం పక్కన పెట్టి లేచింది.

"ఆ అక్కను నేనేనండీ," అంది క్లిక్కరు అందుకుంటూ. "మా తమ్ముడు చెప్పినట్టు, మొదట కిటికీవైపు మూలతో మొదలుపెడతాం." అని ఎక్కడా తొణక్కుండా సాగిపోయింది.

చివర్లో ప్రశ్నలు అడిగారు. దానికీ అక్క ముందే ఏర్పాటు చెప్పింది. ఏ ప్రశ్న వచ్చినా పెద్దసారు తీసుకుని, దాన్ని మరోసారి తన మాటల్లో చెప్పి, అప్పుడు ఎవరికి ఇవ్వాలో వాళ్ళకివ్వాలి. వినేవాళ్ళకు ప్రశ్న స్పష్టమవుతుంది, చెప్పేవాళ్ళకు ఊపిరి తీసుకునే సమయం దొరుకుతుంది. హెడ్ నర్సు అడిగింది, "కరెంటు పోతే, జనరేటరు అందుకునేలోపల వార్డు చీకటవుతుందా?" పెద్దసారు నెమ్మదిగా, "కరెంటు పోయాక జనరేటరు వచ్చేదాకా ఆ కాస్తసేపు పిల్లల సంగతేమిటని అడుగుతున్నారు మేడమ్," అని మునిగారివైపు తిరిగారు. అప్పటికే మునిగారి దగ్గర మొదటి మాట సిద్ధంగా ఉంది. నేల దీపాలకు బ్యాటరీ ఉంటుందనీ, అవి అసలు ఆరవనీ చెప్పారు. తలుపుల దగ్గర దీపాలూ అంతేనని చెప్పారు.

బయటికొచ్చాక బస్సు కోసం నిలబడ్డారు మునిగారూ అక్కా. పెద్దసారూ అమ్మాయీ సామాన్లతో కారులో వెళ్ళిపోయారు.

"పడిపోకుండా పట్టుకున్నావు నన్ను," అంది అక్క. "పేరు పిలిచి ఊరుకుని ఉంటే నా పరువు పోయేది. నేను మీ అందరికీ పాఠాలు చెప్పి..."

మునిగారు తల అడ్డంగా ఊపారు. ఆయనకు చెప్పాల్సింది వేరే ఉంది. ఇంతకాలం చెప్పకుండా ఊరుకున్న మాట. నోరు తెరిచారు. మాట గొంతులో ఆగింది. బస్సు ఒకటి వచ్చి, ఆగి, వెళ్ళిపోయింది. వాళ్ళు ఎక్కాల్సిన బస్సే అది. అక్క దానివైపు చూడను కూడా చూడలేదు. ఆయన ముఖంవైపే, తొందరేమీ లేనట్టు చూస్తూ నిలబడింది. ఏం చెప్పబోతున్నారో ఆవిడకు తెలుసు, ఎవరికైనా తెలుస్తుంది. ఆ మాట ఆయన నోటినుంచి లాక్కోలేదు.

"న్... నా మాట అందరూ పూర్తిచేశారక్కా," అన్నారు. "నన్ను మ్... మొదలుపెట్టనిచ్చింది నువ్వే."

"సరేలే," అంది ఆవిడ, కళ్ళు పక్కకు తిప్పుకుని. "ఇంకో బస్సు వస్తుంది."

పని వాళ్ళకు వచ్చింది. అన్ని వార్డులూ కాదు, ముందు ఒకటి చేసి చూపించమన్నారు. ఆ కబురు చెబుతూ హెడ్ నర్సు పెద్దసారుతో అన్నదట, మిగతావాళ్ళు నలుగురు నాలుగు ఉపన్యాసాలు చెప్పారు, మీ వాళ్ళకు మాత్రం ఒకరి పని ఒకరికి తెలుసు అని. పెద్దసారు ఆ మాట ఆఫీసులో ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు, చెప్పిన ప్రతిసారీ చివర ఎక్కడ ఆపాలో తెలియక తంటాలు పడేవారు.

మునిగారి నత్తి పోలేదు. పోతుందని ఆయనా అనుకోలేదు. ఇంట్లో ఫోను మోగితే అప్పుడప్పుడు ఎత్తడం మొదలుపెట్టారు, అంతే. ఒకరోజు భార్యను కూర్చోబెట్టి, నా మాట నువ్వు పూర్తిచెయ్యకు, అయ్యేదాకా ఆగు అని అడిగారు. అది చెప్పడానికే చాలాసేపు పట్టింది. ఆవిడ చీర కొంగు నోట్లో కుక్కుకుని మరీ ఆగింది. ఆ సాయంత్రం ఆయనకు కాఫీ దొరికింది. ఇన్నేళ్ళు నీళ్ళు పోశానా మీ నోట్లో అని ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, అవీ చల్లగానే ఉన్నాయిలే అన్నారాయన. అది ఓదార్పు కోసం అనలేదు. తన నోటికోసం ఎవరో ఒకరు ఎప్పుడూ ఆరాటపడ్డారని ఆయనకు నిజంగానే అనిపించింది. ఆ ఆరాటం తప్పు చోట పడినా, పడింది తన కోసమేగా.

తరవాత అక్క తన కూతురి దగ్గరికని వేరే ఊరికి మారింది. అతుకుల పని మునిగారి చేతికి వచ్చింది. ఎవరూ ఇవ్వలేదు, ఆయనా అడగలేదు. ఏదైనా పెద్ద పనికి వెళ్ళేముందు అందరూ ఆయన బల్ల దగ్గర చేరేవారు. ఆయన ప్రతివాళ్ళనీ ఒకటే అడిగేవారు, నీకు ఏది కష్టం అని. ఆ ప్రశ్నకు ఎన్ని రకాల జవాబులున్నాయో చూసి ఆయనకే ఆశ్చర్యం వేసేది. ఒకరికి అంకెలు చదవడం భయం. ఒకరికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. తన తరవాత మాట్లాడేవాడు తనకంటే బాగా మాట్లాడతాడని ఇంకొకరి దిగులు.

నీళ్ళ గొట్టాల పని చూసే కొత్త ఇంజనీరు ఒకాయన చేరాడు. మంచి పనివాడు, మాట కూడా గంగాప్రవాహమే. తంటా ఏమిటంటే ఆపడం చేతకాదు. ఎక్కడో ఒకచోట ముగిస్తాడనుకుని తరవాతి మనిషి లేస్తే, "అన్నట్టు ఇంకొకటండీ" అని మళ్ళీ అందుకునేవాడు. లేచినవాళ్ళు మళ్ళీ కూర్చోవాల్సి వచ్చేది.

మునిగారు అతన్ని పక్కకు పిలిచి అడిగారు.

"ఆపితే ఏదో చెప్పకుండా వదిలేశానేమోనని భయం సార్," అన్నాడు అతను, కాస్త సిగ్గుపడుతూ. "నేను చెప్పకపోతే ఎవరూ చెప్పరు కదా అనిపిస్తుంది."

మునిగారికి నవ్వొచ్చింది, కోపం రాలేదు. తనకు మొదలు, ఇతనికి చివర. ఇద్దరికీ తమ పక్కన ఇంకొకరు నిలబడి ఉన్నారన్న సంగతి గుర్తుండకపోవడమే ఇబ్బంది. ఆయన పెన్సిలు అతని చేతికిచ్చారు.

"న్... నువ్వు వదిలేసింది ఏంటో అదే ప్రశ్నగా అడుగు," అన్నారు. "అడిగి, పేరు చెప్పి, ఆగు. మిగతాది మ్... మేం చెబుతాం."

అతను బల్లమీదికి వంగి రాయడం మొదలుపెట్టాడు. మునిగారు పక్కనే, తొందరేమీ లేకుండా, కూర్చున్నారు.